ఒక ఎక్స్‌రే కోసం జరిగిన పోట్లాట

పిల్లల ఆసుపత్రిలో ఎక్స్‌రే, స్కానింగ్ విభాగం చూసే డాక్టరమ్మకి ముక్కు మీదే కోపం. కొత్తగా చేరిన ఆయాలకి ఆ సంగతి మొదటిరోజే చెప్పి పెట్టేవారు. "ఆవిడ అరుస్తుంటే నీ పని నువ్వు చేసుకో. గొంతు తగ్గించి మాట్లాడిందనుకో, అప్పుడు భయపడు" అని. వెనకాల అందరూ ఆవిడని మిరపకాయ డాక్టరమ్మ అనేవారు. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడ్డా పట్టించుకోలేదు.

మనుషులతో తనకి పొసగదని తెలిసే చదువుకునే రోజుల్లో ఈ ఎక్స్‌రే బొమ్మల వైద్యం ఎంచుకుంది. బొమ్మ ఎదురు మాట్లాడదు, అడ్డదిడ్డంగా వాదించదు. మసక గదిలో తెర ముందు కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చూసి, చూసింది చెబితే సరిపోతుందనుకుంది. తీరా ఉద్యోగంలో చేరాక తెలిసొచ్చింది, ప్రతి బొమ్మ వెనకాలా ఒక తల్లీ, ఒక తండ్రీ, ఒక్కోసారి అమ్మమ్మా నానమ్మా కూడా ఉంటారని. సాయంత్రం ఇంటికి రాగానే, ఆవిడ చెప్పులు విప్పకముందే, లెక్కల మాస్టారైన మొగుడు "ఇవాళ ఎవరి మీద?" అని అడిగేవాడు. చెప్పేది. ఆయన కూరగాయలు తరుగుతూ వినేవాడు. అదీ వాళ్ల కాపురం.

ఆవిడ కోపం ఊరికే వచ్చేది కాదు. రెండు రకాల మనుషుల్ని చూస్తే ఆవిడకి ఒళ్లు మండేది. పిల్లాడి నెత్తి గోడకి తగిలి బొప్పి కట్టిందంటే చాలు, తీసుకెళ్లి సీటీ స్కాన్ గొట్టంలోకి తోసేవాళ్లు ఒక రకం. ఫోన్‌లో ఎవరో పంపిన ముక్క చదివి, అవసరమైన ఎక్స్‌రే దగ్గర కూడా "మా పిల్లాడికి రేడియేషన్ వద్దు" అని చేతులు అడ్డం పెట్టేవాళ్లు ఇంకో రకం. ఈ రెండు రకాలూ ఒక్క మనిషిలోనే ఎదురవుతాయని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ఉదయం కింద అత్యవసర విభాగం నుంచి డ్యూటీ డాక్టరు ఫోన్ చేశాడు. కుర్రాడు, నెమ్మదైనవాడు.

"మేడం, మూడేళ్ల బాబు. పొద్దున్నుంచి ఏమీ మింగట్లేదు. చొంగ కారుస్తూనే ఉన్నాడు. ఏదో మింగాడని వాళ్లమ్మ అంటోంది. ఎక్స్‌రే తీద్దామంటే వాళ్ల నాన్న ససేమిరా అంటున్నాడు. మీరొకసారి వచ్చి మాట్లాడతారా?"

"నేనొచ్చి మాట్లాడితే ఒప్పుకునేవాడు కూడా ఒప్పుకోడయ్యా."

"అయినా రండి మేడం. చొంగ చూస్తే నాకు భయంగా ఉంది."

ఆవిడ లేచింది. చొంగ అనే మాట ఆవిడకీ నచ్చలేదు. గొంతు దిగువన ఏదైనా అడ్డం పడితేనే పిల్లలు ఉమ్మి కూడా మింగలేరు.

తండ్రి లిఫ్ట్ మెకానిక్. పనికి బయల్దేరినవాడు బయల్దేరినట్టే వచ్చాడు కాబోలు, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది, గోళ్ల సందుల్లో గ్రీజు. భార్య నిండు గర్భిణి. ఆవిడ పక్కన బెంచీ మీద పిల్లాడు నోరు తెరిచి, గడ్డం మీదుగా తీగలా చొంగ కారుతుంటే, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు కూర్చున్నాడు.

"ఏం మింగాడమ్మా?" అని డాక్టరమ్మ తల్లిని అడిగింది.

"చూడలేదండీ. డబ్బా బోర్లించి చిల్లరతో ఆడుకుంటున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. దగ్గు వినిపించి వచ్చేసరికి..."

"రూపాయి బిళ్లే అయ్యుంటుందండీ" అని తండ్రి అడ్డుపడ్డాడు. "మా అన్న కొడుకూ ఇలాగే మింగితే రెండ్రోజుల్లో దానంతట అదే బయటికొచ్చేసింది. దీనికి ఎక్స్‌రే ఎందుకు? పోయిన నెలే వీడికి తలకి సీటీ తీయించాం. ఒక సీటీ అంటే వందల ఎక్స్‌రేలతో సమానమట. వీడి కోటా ఎప్పుడో అయిపోయింది. ఇంకొక్కటి తీసినా నేనొప్పుకోను."

"సీటీ ఎందుకు తీయించారు?"

"మంచం మీంచి పడ్డాడు."

"స్పృహ తప్పాడా? వాంతులయ్యాయా?"

"లేదు. ఏడిచాడు, ఊరుకున్నాడు. మాకే మనసాగక..."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ క్షణాన ఆవిడ ముఖం చూసినవాళ్లకి తెలిసేది.

"అంటే అక్కర్లేని సీటీకి మీరే చేయి పట్టుకుని తీసుకెళ్లారు! కావలసిన ఎక్స్‌రే దగ్గరకొచ్చేసరికి మీకు రేడియేషన్ గుర్తొచ్చింది! ఫోన్‌లో ఎవడో పనిలేనివాడు రాసింది వేదం, కళ్లెదురుగా పిల్లాడు చొంగ కారుస్తుంటే అది మాత్రం కనపడదు! అసలు మీరు..."

ఆవిడ ఇంకా ఏవో అంది. అనకూడనివే అంది. తండ్రి ముఖం నల్లబడింది. మారు మాట్లాడకుండా పిల్లాణ్ణి భుజాన వేసుకుని, "పద" అని భార్యతో అని, విసవిసా బయటికి నడిచాడు. డ్యూటీ డాక్టరు "అయ్యా, ఆగండి" అంటూ రెండడుగులు వేసి, ఏం చేయాలో తోచక నిలబడిపోయాడు.

తలుపు మూసుకుంది. ఆవిడ కోపం ఇంకా సగంలోనే ఉంది, ఎదురుగా మాత్రం మనిషి లేడు. ఎవరి మీద అరిచింది, అరిచి ఏం సాధించింది? పిల్లాడు వెళ్లిపోయాడు. లోపల ఉన్నది బిళ్ల కాకపోతే? ఆవిడ ఆ మాట పూర్తిగా అనుకోకుండానే పరుగెత్తింది. ఆ ఆసుపత్రిలో మిరపకాయ డాక్టరమ్మ పరుగెత్తడం అదివరకెవరూ చూడలేదు.

వాళ్లు స్కూటర్ల షెడ్డు దాకా వెళ్లారు. స్కూటర్ స్టార్టయింది కానీ తల్లి ఎక్కలేదు. పొట్ట పట్టుకుని షెడ్డు పక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. "వాడు ఉమ్మి మింగలేకపోతున్నాడు. ఎక్కడికి పోదామంటారు?" అంటోంది మొగుడితో. ఆయన స్కూటర్ మీద అటు తిరిగి, పిల్లాణ్ణి ముందు నిలబెట్టుకుని ఉన్నాడు.

డాక్టరమ్మ వచ్చి తల్లి పక్కనే మెట్టు మీద చతికిలబడింది. ఊపిరి అందడం లేదు.

"నేను నోరు పారేసుకున్నాను తల్లీ. తప్పు నాది. కోపం వస్తే నాకు కళ్లు కనపడవు. ఆయన వినకపోతే పోనీ, నీకు చెబుతాను. విని నువ్వే నిర్ణయించు."

తల్లి కొడుకు వైపు చూసింది. "ఎక్స్‌రేలో నిజంగా విషం ఉండదా?"

"విషం కాదు. కానీ అసలేమీ కాదని కూడా చెప్పను, అది అబద్ధమవుతుంది. చూడు, రేడియేషన్ మన చుట్టూ ఎప్పుడూ ఉంటుంది. ఈ నేలలోంచి వస్తుంది, ఈ మెట్ల రాయిలోంచి వస్తుంది, ఇంటి గోడల్లోంచి, గదిలో గాలిలోంచి, ఆకాశంలోంచి. తినే తిండిలోనూ రవ్వంత ఉంటుంది. ఇప్పుడు నీకూ నాకూ పడుతూనే ఉంది. ఎక్కడికెళ్లి దాక్కున్నా పడుతుంది. చోటును బట్టి కొంచెం ఎక్కువో తక్కువో, అంతే."

"మరి ఎక్స్‌రేలో?"

"ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే, ఊరికే బతికినందుకు మూణ్ణాలుగు రోజుల్లో పడేదానితో సమానం. వీడికి గొంతు దగ్గర్నుంచి పొట్ట దాకా చూడాలి కాబట్టి ఇంకొంచెం అనుకో. వారం, పదిరోజులు. ఆ వారం పదిరోజులూ నువ్వు ఇంట్లో కూర్చుంటే భయపడతావా?"

స్కూటర్ ఇంజన్ ఆగింది. ఆయన వెనక్కి తిరగలేదు.

"మరి సీటీ?" అంది తల్లి.

"సీటీ వేరు. సీటీ అంటే ఒక ఫోటో కాదు, చుట్టూ తిరుగుతూ బోలెడన్ని తీస్తుంది. తలకి తీసినదయితే ఎనిమిది నెలలకో, ఏడాదికో సరిపడా పడుతుంది. పొట్టకి తీస్తే మూడు నాలుగేళ్లది. ఫోన్‌లో వందల ఎక్స్‌రేలని రాసింది లెక్క ప్రకారం తప్పు కాదమ్మా, కానీ చదివినవాళ్లకి బెదురు తప్ప ఇంకేమీ మిగల్చలేదు, నాకు మంట అదే. ఆ ఒక్క సీటీ వల్ల తర్వాతెప్పుడో జబ్బు వచ్చే అవకాశం, కొన్ని వేలమంది పిల్లల్లో ఒకరికి. ఏ స్కానూ తీయించుకోని వేలమందిలో కూడా జీవితకాలంలో క్యాన్సర్ ఎంతోమందికి వస్తుంది. దానిమీద ఈ రవ్వంత. సున్నా కాదు. అందుకే అక్కర్లేకుండా తీస్తే నాకు కోపం."

అప్పుడు తండ్రి మాట్లాడాడు, ముందు చక్రం వైపు చూస్తూ. "అదే కదండీ నేనన్నది. ముందే అంత పడిపోయింది. ఇంకొకటి పడితే పొంగిపొర్లదా?"

"ఏమయ్యా, నువ్వు లిఫ్టుల పని చేస్తావటగా. ఎంతమంది ఎక్కాలో లోపల రాసి ఉంటుంది. ఒంట్లో అలాంటి రాత లేదు. ఇంత దాటితే గంట మోగుతుంది, ఇక ఎవరూ ఎక్కకూడదు అనే కోటా ఏదీ లేదు. పోయిన నెల పడింది పడింది. దానివల్ల ఇవాళ్టి ఎక్స్‌రే ఎక్కువ ప్రమాదకరమైపోదు. ఇవాళ అడగాల్సింది ఒకటే. ఇది అవసరమా, కాదా? బిళ్లయితే ఆగొచ్చు. కానీ చూడకుండా బిళ్లని నువ్వెలా చెబుతావ్? బిళ్లలాగే గుండ్రంగా ఉండే బ్యాటరీలున్నాయి. అది గొంతులో ఇరుక్కుంటే గంటల్లో లోపల కాల్చేస్తుంది. నాకు దానికే భయం."

"బ్యాటరీలా?" అంది తల్లి. ఒక్కసారిగా లేవబోయి మెట్టు పట్టుకుంది. "ఏమండీ, మొన్న వంటింటి తూకం పనిచేయట్లేదని మీరు మూత తీశారు చూడండి... పాత బ్యాటరీ ఎక్కడ పెట్టారు?"

ఆయన పిల్లాణ్ణి ఎత్తుకుని, భార్య కంటే ముందు, డాక్టరమ్మ కంటే ముందు లోపలికి పరుగెత్తాడు.

ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ అంతా సిద్ధం చేసి ఉంచింది. కడుపుతో ఉన్న తల్లిని గది బయటే ఉండమన్నారు. పిల్లాడు కదలకుండా పట్టుకోవడానికి తండ్రే లోపలికి రావాల్సివచ్చింది. కిరణాలు ఆపే సీసం తొడుగు మెడలో వేస్తే దాని బరువుకి భుజాలు వంచాడు. టెక్నీషియన్ వెలుతురు చట్రాన్ని తిప్పి తిప్పి, పిల్లాడి గొంతు నుంచి పొట్ట వరకు మాత్రమే పడేలా ఇరుకు చేసింది.

"ఆ వెలుతురు పడినచోటే కిరణాలు పడేది" అని డాక్టరమ్మ అద్దం వెనక నుంచి చెప్పింది. "నీ చేతులు దాని బయట ఉంచు. నువ్వు ఒణికితే వాడు కదులుతాడు, వాడు కదిలితే మళ్లీ తీయాలి. ఒణక్కు."

ఒణకలేదు. మీట నొక్కినంతలో అయిపోయింది. పక్కకి తిప్పి ఇంకొకటి తీశారు.

తెర మీద బొమ్మ వచ్చింది. ఛాతీ ఎముకల నడుమ, గొంతు దిగువన, తెల్లటి గుండ్రటి వస్తువు. దాని అంచు లోపల ఇంకో అంచు, రెండు వలయాలుగా. రూపాయి బిళ్లకి అలా ఉండదు. పక్క నుంచి తీసిన దాంట్లో ఒకవైపు మెట్టులా చిన్న దిగుడు. డాక్టరమ్మ ఫోన్ ఎత్తి, గొంతు తగ్గించి మాట్లాడింది. "బ్యాటరీ. ఆహారనాళంలో ఉంది. ఆపరేషన్ గది సిద్ధం చేయండి. ఇప్పుడే." ఆ తగ్గిన గొంతు విని టెక్నీషియన్ కూడా భయపడింది.

బయట వరండాలో తండ్రి పిల్లాణ్ణి ఎత్తుకుని భార్య దగ్గరకి వెళ్లబోయి ఆగిపోయాడు. "ఇప్పుడు ఈవిడ వీణ్ణి ముట్టుకోవచ్చా డాక్టరుగారూ? కడుపులో బిడ్డకి ఏమైనా...?"

"లైటు ఆర్పాక గదిలో వెలుతురు మిగులుతుందా? ఇదీ అంతే. వాడి ఒంట్లో ఏమీ ఉండదు. ఇవ్వు వాణ్ణి వాళ్లమ్మకి."

తల్లి గుండెలకి హత్తుకుంది. ఎక్కువసేపు కాదు, స్ట్రెచర్ వచ్చేసింది.

నోట్లోంచి కెమెరా గొట్టం దింపి బ్యాటరీ బయటికి తీశారు. ఒకవైపు నల్లగా మాడి ఉంది. ఆహారనాళం గోడ ఒకపక్క కాలింది. కానీ చిల్లు పడలేదు. "ఇంకొంచెం ఆలస్యమైతే నేనేమీ చెప్పలేకపోయేవాణ్ణి" అన్నాడు సర్జను. కొన్నాళ్లు ముక్కులోంచి వేసిన గొట్టంతోనే ఆహారం అన్నారు. తండ్రి ఆ మాటలన్నీ గోడకానుకుని విన్నాడు. తర్వాత స్కూటర్ షెడ్డు దగ్గరకి వెళ్లి, ఎవరూ లేని చోట, షెడ్డు రేకుని పిడికిలితో గుద్దాడు. ఆ చప్పుడు పై అంతస్తు దాకా వినిపించింది.

మర్నాడు అతనే పాత సీటీ ఫిల్ముల కవరు పట్టుకుని డాక్టరమ్మ గదికి వచ్చాడు. "ఇది నేనే తీయించానండీ. పడ్డప్పుడు చూసిన డాక్టరుగారు, ఇంట్లో కనిపెట్టుకుని ఉండండి చాలు, అన్నారు. స్కాన్ రాస్తారా, ఇంకో డాక్టరు దగ్గరకి పోమంటారా, అని నేనే గొడవపడ్డాను. ఏమీ లేదని కాగితం మీద చూస్తేగానీ నాకు నిద్ర పట్టదనిపించింది. నిన్న వద్దన్నదీ ఆ భయంతోనే."

ఆవిడ ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసింది. తల బాగానే ఉంది. చివరి ఫిల్ము మీద, మూలన, యంత్రం వేసిన మోతాదు అంకె ఉంది. అది చూసి పళ్లు పటపటలాడించింది. మూడేళ్ల తలకి పెద్దవాళ్ల సెట్టింగు పెట్టి తీశారు. కావలసిన దానికి రెండింతల పైనే.

చెప్పాలా వద్దా? చెబితే రేపు ఏ స్కానుకీ ఒప్పుకోడేమో. ఆవిడకి అబద్ధం చేతకాదు.

"నిన్న ఎనిమిది నెలలో ఏడాదో అన్నాను. ఇది అంతకంటే ఎక్కువ. ఏడాదిన్నర, రెండేళ్లు ఉండొచ్చు. పిల్లాడని చూసుకోకుండా తీశారు. అయినా ప్రమాదం చిన్నదే, నిన్న చెప్పిన కొన్ని వేలమందిలో ఒకరనే లెక్క లోపలే. దీనికోసం ఏ పరీక్షలూ చేయించక్కర్లేదు. కానీ ఇది తప్పు, తప్పని నీకు తెలియాలి."

అతను ఫిల్ములు ఒక్కొక్కటే కవర్లో పెట్టాడు. "నా మీద నేను కోపపడాలా, వాళ్ల మీద పడాలా చెప్పండి" అన్నాడు.

"వాళ్ల మీద కోపం నాకొదిలెయ్. అందులో నాకు బాగా అనుభవం ఉంది."

ఆ మధ్యాహ్నమే ఆవిడ ఆ సీటీ తీసిన స్కాన్ సెంటరుకి వెళ్లింది. మెత్తటి సోఫాలు, చల్లటి గాలి, గోడకి నవ్వుతున్న పిల్లల ఫోటోలు. సెంటరు డాక్టరు పాతికేళ్లుగా ఎరిగినవాడే, చదువుకునేప్పుడు ఆవిడకంటే రెండేళ్లు వెనక.

"అక్కా, బొమ్మ ఎంత శుభ్రంగా వచ్చిందో చూశావుగా. మోతాదు తగ్గిస్తే మసకగా వస్తుంది. తల్లిదండ్రులే అడుగుతుంటే వద్దని ఎలా పంపిస్తాం?"

"పెద్దవాడి బూటు పిల్లాడి కాలికి తొడిగి, బూటు ఎంత బాగుందో చూడమంటున్నావు! మసకొస్తే ఏమైంది? రక్తస్రావం ఉందో లేదో తెలిస్తే చాలదా? అడిగితే తీసేస్తావా? రేపు కత్తి ఇమ్మంటే ఇస్తావా? నీ యంత్రంలో పిల్లల ప్రోగ్రాములు కంపెనీవాడే పెట్టి ఇచ్చాడు. ఒక్కసారైనా తెరిచావా?"

అతను ఒక్కసారీ తెరవలేదు. అక్కడి టెక్నీషియన్లకి ఎవరూ చూపించలేదు. ఆవిడ సోఫాల్లో కూర్చున్నవాళ్లంతా వినేలా నాలుగు చివాట్లు పెట్టి, తిన్నగా యంత్రం గదిలోకి వెళ్లి, ఆ ఇద్దరు టెక్నీషియన్లని చెరోపక్క కూర్చోబెట్టుకుని, వయసునీ తల సైజునీ బట్టి ఏ ప్రోగ్రాము ఎంచుకోవాలో చూపించింది. చూపిస్తూ కూడా అరుస్తూనే ఉంది. వాళ్లు మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నారు. సెంటరు డాక్టరు గుమ్మంలో నిలబడి, తన సొంత సెంటరులో తనకి చోటు లేనట్టు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అతను పైవాళ్లకి ఆవిడ మీద ఫిర్యాదు కూడా చేశాడు. ఆసుపత్రి పెద్దాయన పిలిచి, "కాస్త మెల్లగా చెప్పొచ్చు కదమ్మా" అంటే, "మెల్లగా చెప్పినవాళ్ల మాట మీరెప్పుడైనా విన్నారా?" అని వచ్చేసింది. అక్కడి నుంచి వచ్చే పిల్లల ఫిల్ముల్లో మూలనున్న అంకె మాత్రం తగ్గింది. అన్నిట్లోనూ కాదు. తగ్గనివాటికి ఆవిడ ఫోన్ చేస్తూనే ఉంది.

కొన్ని వారాల తర్వాత పిల్లాణ్ణి మళ్లీ తీసుకొచ్చారు. కాలినచోట నాళం మూసుకుపోతోందేమో చూడాలి. తెల్లటి మందు తాగిస్తూ, అది దిగుతుంటే ఎక్స్‌రేతో చూసే పరీక్ష. తల్లికి ఈలోగా పాప పుట్టింది, ఇంట్లో ఉంది. తండ్రి ఒక్కడే వచ్చాడు.

గదిలోకి రాగానే అడిగాడు. "ఇది తప్పనిసరా డాక్టరుగారూ? దీనిబదులు రేడియేషన్ లేనిదేదైనా ఉందా? పిల్లల సెట్టింగేనా?"

ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. కాలినచోటు బిగుసుకుందో లేదో తెలియాలంటే ఇదే మార్గం. కడుపు నొప్పులకయితే అల్ట్రాసౌండ్ ఉంది, దాంట్లో ఈ కిరణాలుండవు, కానీ ఆహారనాళం లోపలి ఇరుకు దాంట్లో సరిగా కనపడదు. సెట్టింగు పిల్లలదే, కాలితో మీట తొక్కినంతసేపే కిరణం, అక్కర్లేనప్పుడు ఆపేసి ఉంచుతారు. అతను మళ్లీ అడిగాడు, ఎంత పడుతుంది అని. మామూలు ఎక్స్‌రే కంటే ఎక్కువ, కొన్ని నెలలది, అంది. మళ్లీ అడిగాడు, ఎన్నిసార్లు కాలు మీట మీద వేస్తారు అని.

"ఇంక చాలయ్యా! మొన్నటిదాకా ఒకటీ అడగలేదు, ఇవాళ వరసగా అడుగుతున్నావు!"

"అడగమన్నది మీరే కదండీ."

ఆవిడకి ఒళ్లు మండింది. నవ్వూ వచ్చింది. రెండూ కలిసి ఏ ముఖం పెట్టాలో తెలియక సీసం తొడుగు అతని చేతిలో పడేసింది.

పిల్లాడు మొదటి గుక్క ఆవిడ కోటు మీద ఉమ్మేశాడు. రెండోది తండ్రి మీద. మూడో గుక్క బతిమాలితే, బెదిరిస్తే, చివరికి టెక్నీషియన్ కప్పుని ఫోన్ లాగా చెవికి పెట్టి మాట్లాడితే, మింగాడు. ఆవిడ మీట మీద కాలు పెట్టింది. తెర మీద తెల్లటి ధార గొంతులోంచి కిందికి జారింది. కాలినచోట కొంచెం సన్నబడి, ఒక్క క్షణం నిలిచి, మళ్లీ జారి పొట్టలో పడింది. ఆవిడ వెంటనే కాలు తీసేసింది.

"సన్నబడింది. మూసుకోలేదు" అంది. "ఇంకో రెండుసార్లు చూడాల్సి రావచ్చు. మెత్తటివి తినిపించండి."

తండ్రి తల ఊపాడు. కొడుకు గడ్డం మీది తెల్లటి మందుని తన చొక్కా అంచుతో తుడుస్తూ ఉన్నాడు.